వార్తల్లో పదం: కికాఫ్ మీటింగ్

కొత్త కస్టమర్ ఆర్డరిచ్చాక, పని మొదలుపెట్టే ముందు ఇరుపక్షాలూ కూర్చుని అన్నీ తేల్చుకునే సమావేశమే కికాఫ్ మీటింగ్. దానికి ముందే కస్టమర్‌కు ఒక ప్రశ్నావళి వెళ్తుంది. ఉదాహరణకు భిలాయ్ ఉక్కు కర్మాగారం చుట్టూ వెలిసిన ఫ్యాబ్రికేషన్ షెడ్లలో ఒకదాన్ని తీసుకుందాం. ఆ షెడ్డుకు ‘ఐఎస్ 2062, ఇ250 ప్లేటు’ అని మాత్రమే రాసిన ఆర్డరు వచ్చిందనుకుందాం. ఇ250లో ఎ రకానికి ఇంపాక్ట్ టెస్టు ఉండదు. బి0కి సున్నా డిగ్రీల దగ్గర తప్పనిసరి. అడగకుండా ఎ రకం కొని కోసేస్తే, ఇన్‌స్పెక్టర్ బి0 సర్టిఫికెట్ అడిగిన రోజున ఆ ముక్కలన్నీ స్క్రాపే. కోసేటప్పుడు హీట్ నంబరు ముక్కలమీదికి ఎక్కించకపోయినా అదే గతి. ఏ రకం, డ్రాయింగు ఎన్నో రివిజన్, తనిఖీకి ఏ దశలో ఆగాలి: ఈ మూడూ ముందే అడగాలి.

ఇన్ని ప్రశ్నలతో కస్టమర్ విసుక్కుంటాడంటారు. డ్రాయింగులో ఉన్నదే మళ్లీ అడిగితే విసుగు న్యాయమే. చదివి, లేనిదే అడిగితే తన పని శ్రద్ధగా చూశారని అతనికి అర్థమవుతుంది. చిన్న ఆర్డరుకు మీటింగు దండగంటే, అరగంట ఫోను చాలు. కానీ తేలిన మాటలు ఆరోజే రాసి పంపాలి, సందేహమొస్తే ఫోనెత్తే మనిషి పేరుతో సహా.