సీటు బెల్టు చివర బురద గీత

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తింది. వీధుల్లోనూ సెల్లార్లలోనూ నిలిపిన కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. బాగుచేసే ఖర్చు పాలసీలో రాసిన బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా లెక్కగట్టి డబ్బు చెల్లిస్తుంది. అలాగని ఆ కారు తుక్కు కిందికే పోతుందన్న హామీ ఏమీ లేదు. కొన్నవాళ్లు కడిగి, ఆరబెట్టి, పాలిష్ కొట్టి మళ్లీ అమ్మకానికి పెట్టవచ్చు. ఇక థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉన్న ఓనరుకు క్లెయిమే రాదు. అతను దగ్గర్లోని షెడ్డులో చేతనైనంత బాగుచేయించి అమ్మేస్తే కాగితాల మీద వరద జాడే ఉండదు.

నీళ్లు దిగాక కారు స్టార్ట్ అయిందంటే గండం గడిచినట్టు కాదు. వరద నీటితో వచ్చిన ఒండ్రు కార్పెట్ కింది స్పాంజిలో, వైర్ల కనెక్టర్లలో చేరి తేమను పట్టి ఉంచుతుంది. రాగి మీద పచ్చని పొర నెమ్మదిగా పేరుకుంటుంది. ఆర్నెల్ల తర్వాత ఒకరోజు పవర్ విండో ఆగిపోతుంది, ఇంకో రోజు డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ ముందు సీట్ల మధ్య, గేర్ రాడ్డు దాపున నేలకు దగ్గరగా ఉంటుంది. అందుకే నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయన్నది ముఖ్యం. నీళ్లు కారు లోపలికి రాకపోతే పెద్ద బెంగ లేదు. సీటు దాకా వస్తే ఆ కారు జోలికి పోకపోవడం మేలు.

ఎత్తు తెలుసుకోవడానికి సీటు బెల్టుకు మించిన సాక్షి లేదు. రోజూ వాడేటప్పుడు బెల్టు మొత్తం బయటికి రాదు, చివరి భాగం పిల్లర్ అడుగున చుట్టుకునే ఉంటుంది. నెమ్మదిగా చివరిదాకా లాగితే ఆ భాగంలో మట్టి రంగు గీతో, బూజు చుక్కలో బయటపడతాయి. బెల్టులే కొత్తగా మెరుస్తుంటే వాటి చివర లేబుల్ మీదున్న తయారీ సంవత్సరాన్ని కారు తయారీ సంవత్సరంతో పోల్చాలి. తర్వాత సీటును పూర్తిగా వెనక్కి జరిపి పట్టాల బోల్టులు చూడాలి, డోరు దగ్గర కార్పెట్ అంచు ఎత్తి కింది స్పాంజిని వేళ్లతో నొక్కాలి. కారు నిండా సెంటు ఘుమఘుమలాడుతుంటే అద్దాలు మూసి, ఏసీ ఆపి పది నిమిషాలు ఎండలో ఉంచితే చాలు, ముక్కే చెబుతుంది.

అయితే ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పకూడదు. స్టెప్నీ గుంటలో తుప్పు వెనక లైటు రబ్బరు లీకైనా వస్తుంది. అదే తుప్పు సీటు పట్టాల మీదా, బురద బెల్టులోనూ కనిపిస్తే మాత్రం సందేహించనక్కర్లేదు.

బీమా కాగితమూ మాట్లాడుతుంది. ఉదాహరణకు 2021 జనవరిలో కొన్న కారు అనుకుందాం. క్లెయిమ్ లేకుండా ఏడాదికొకసారి పాలసీ రెన్యువల్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35 శాతం చొప్పున పెరిగి 2025 జనవరికి 45 శాతానికి చేరాలి. అక్కడ సున్నా ఉందంటే కిందటేడు క్లెయిమ్ అయి ఉండవచ్చు. ఓనరు ఆ బోనస్‌ను తన కొత్త కారుకు మార్చుకున్నా సున్నానే కనిపిస్తుంది కాబట్టి, క్లెయిమ్ వివరాలు కంపెనీ నుంచి తెప్పించమని అమ్మేవారినే అడగాలి.

యాక్సిడెంట్ విషయంలో బంపరుకో డోరుకో రంగు వేయించడం తప్పేమీ కాదు, మన ట్రాఫిక్‌లో గీతలు పడని కారు అరుదు. చూడాల్సింది పిల్లర్లు, బానెట్ కింది ఇనుప చట్రం, డిక్కీ అడుగు. కంపెనీలో రోబోలు వేసిన స్పాట్ వెల్డింగ్ గుంటలు చిన్నగా, గుండ్రంగా, సమదూరంలో వరసగా ఉంటాయి. డోరు రబ్బరు బీడింగ్‌ను కాస్త లాగితే అవి కనిపించాలి. ఒక పక్క ఉండి, రెండో పక్క గ్రైండింగ్ చేసిన నున్నటి అతుకు ఉంటే పిల్లరు దెబ్బతిన్నట్టే. పుట్టీని పట్టడానికి పెయింట్ మందం కొలిచే మీటరు ఉంది. ఇనుప రేకు మీద కంపెనీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు చూపుతుంది, పుట్టీ పెట్టినచోట 500 దాటేస్తుంది. ప్లాస్టిక్ బంపరు మీద మాత్రం ఈ మామూలు మీటర్లు పనిచేయవు.

చివరగా మెకానిక్ చేత స్కానర్ పెట్టించాలి. తప్పుల కోడ్‌లు లేకపోతే సంబరపడే ముందు, ఇంజన్ తనను తాను పరీక్షించుకునే మానిటర్లు పూర్తయ్యాయో లేదో చూడమనాలి. ముందు రోజు రాత్రి ఎవరైనా కోడ్‌లు చెరిపేసి ఉంటే ఆ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్ చూపుతుంది. ఈమధ్యే బ్యాటరీ తీసి పెట్టినా అలాగే చూపుతుంది కనుక, కొన్నాళ్లు మామూలుగా నడిపాక మళ్లీ స్కాన్ చేయించుకుంటామని అడగాలి. అడ్వాన్సు ఆ రెండో స్కాన్ తర్వాతే.