గ్లూకోమీటరు చూపే అంకె, దాని వెనుక ఉన్న హద్దు

ట్రస్టు ఉచిత వైద్యశాలకు వచ్చే మధుమేహ పీడితులైన యాత్రికులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "డాక్టరుగారూ, పొద్దున మా మీటరులో 178 చూపించింది. అదే సమయంలో ల్యాబులో ఇచ్చిన రక్తానికి 160 అని వ్రాశారు. ఏది నిజమండీ?" మీటరు చెడిపోలేదనీ, ల్యాబువారూ పొరపడలేదనీ చెబితే చాలామంది నమ్మలేరు. ఆ అంకెల స్వభావాన్ని భక్తులకు వివరించడానికే ఈ వ్యాసం.

ఇంటిలో వాడే గ్లూకోమీటర్లకు ఐ.ఎస్.ఓ. 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. 2013లో దానిని సవరించి మునుపటికంటె కఠినం చేశారు. ప్రయోగశాలలో చక్కెర విలువ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు, లేదా అంతకు మించి ఉన్నప్పుడు మీటరు అంకె దానికి పదిహేను శాతం లోపల ఉండాలి. 100 కంటె తక్కువైతే పదిహేను మిల్లీగ్రాముల లోపల ఉండాలి. నూరు పరీక్షలలో కనీసం తొంభై అయిదింటికి ఈ నియమం నెరవేరితే చాలును. తక్కినవి హద్దు దాటినా మీటరు ప్రమాణాన్ని అందుకొన్నట్లే లెక్క. అనగా మంచి మీటరు సైతం ఇరువదిసార్లకు ఒకసారి ఈ హద్దును దాటవచ్చును.

పై ప్రశ్నకు ఈ లెక్కను అన్వయించి చూద్దాము. ల్యాబు విలువ 160 అయితే అందులో పదిహేను శాతం 24. కనుక మీటరు 136 మొదలు 184 వరకు ఏది చూపినా ప్రమాణానికి లోబడినట్లే. అయిదు నిమిషాల వ్యవధిలో ఒకే వ్రేలి నుండి రెండుసార్లు చూసుకొని, మొదట 142, తరువాత 178 వచ్చినదని కలవరపడేవారున్నారు. ఆ రెండు అంకెలూ 160 అనే ఒకే విలువకు సరిపోతాయి. అందుచేత నిన్న 150, నేడు 170 అని మాత్రను పెంచుకోవడం గాని, మరునాడు 145 చూసి మానుకోవడం గాని తగదు. ఒకే వేళకు, ఒకే రీతిగా వారం రోజులు చూసి వ్రాసిన అంకెలు వరుసగా ఒక వైపునకు జరుగుతున్నవా అన్నదే వైద్యునికి ఉపకరించే సమాచారం.

అంకె మధ్యస్థంగా ఉన్నంతవరకు ఈ తేడా వల్ల పెద్ద ప్రమాదం లేదు. అంచు వద్దకు వచ్చినప్పుడు సంగతి మారుతుంది. 70 కంటె తగ్గితే చక్కెర పడిపోయినట్లుగా వైద్యులు పరిగణిస్తారు. మెట్ల దారిన నడిచి వెళ్లదలచిన ఒక పెద్దావిడ ఉపవాసముండి, ఉదయపు గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం వేసుకొని వచ్చారు. మీటరులో 76 వచ్చినది. "డెబ్బయికి పైనే కదా నాయనా, బయలుదేరనా?" అన్నారు. 76కు పదిహేను అటూ ఇటూ లెక్కించితే ఆమె అసలు విలువ 61 కావచ్చును, 91 కావచ్చును. ఉపవాసంలోను ఆ మాత్ర క్లోమగ్రంథిచేత ఇన్సులిన్‌ను స్రవింపజేస్తూనే ఉంటుంది. మెట్లెక్కే శ్రమకు కండరాలు మరికొంత చక్కెరను వాడుకొంటాయి. కనుక ఆ 76ను నేను 61గానే భావించవలసి వచ్చినది. మూడు చెంచాల చక్కెర కలిపిన నీరు త్రాగించి, పదిహేను నిమిషాల తరువాత మరల చూసి, అల్పాహారం తీసుకొన్న పిమ్మటనే పంపించాను. ఆమె కొంత నొచ్చుకొన్నారు. ఉపవాసం పాటించదలచినవారు మాత్రల వేళలను గురించి ముందుగానే తమ వైద్యుని సంప్రదించి ఉంటే ఇట్టి ఇబ్బంది రాదు.

మీటరు 85 చూపుతున్నా చెమట, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం కనిపిస్తే శరీరం చెప్పేదానినే నమ్మాలి. ముందుగా తీపి తీసుకొని, ఆ తరువాతనే అంకెను గూర్చి ఆలోచించాలి. అవసరం లేకుండా మూడు చెంచాల చక్కెర తిన్నందువల్ల కలిగే హాని స్వల్పం. అవసరమైనప్పుడు తినకపోతే స్పృహ తప్పవచ్చును.

ఈ పదిహేను శాతమనేది శుభ్రమైన వ్రేలితో, చెడని స్ట్రిప్‌తో చేసిన పరీక్షకు మాత్రమే వర్తిస్తుంది. యాత్రలో ఈ రెండూ తప్పడం సులభం. లడ్డూ ప్రసాదం స్వీకరించి, చేతిని తువ్వాలుతో తుడుచుకొని పరీక్ష చేసుకొన్న ఒకరికి మా వద్ద 286 వచ్చినది. ఆయన రాత్రి మాత్రను అప్పుడే వేసుకోబోయారు. సబ్బుతో కడిగించి, పూర్తిగా ఆరనిచ్చి చూడగా 164! స్ట్రిప్ పీల్చే రక్తం ఒక చిన్న బిందువు మాత్రమే. వ్రేలికి అంటిన కొద్దిపాటి తీపి కలిసినా అంకె వందకు పైగా పెరుగగలదు. శానిటైజరు రాసుకొన్నంత మాత్రాన ఆ తీపి తొలగదు. నీరు దొరకని చోట మొదటి బొట్టును శుభ్రమైన దూదితో తుడిచివేసి, రెండవ బొట్టును వాడుకోవచ్చును. వ్రేలు తడిగా ఉంటే రక్తం పలుచనై అంకె తగ్గుతుందన్నదీ గమనించాలి.

ఇక స్ట్రిప్‌లు. వాటిపై పూసిన ఎంజైము వేడికి, తేమకు చెడుతుంది. డబ్బా మూత తెరచి ఉంచడం, ఎండలో నిలిపిన కారులో సంచిని వదలడం మనం నిత్యం చూసేవే. చెడిన స్ట్రిప్ ఒక్కొక్కప్పుడు ఎర్రర్ చూపదు, తప్పు అంకెను ధీమాగా చూపుతుంది. అనుమానం కలిగితే కంట్రోల్ ద్రావణం చుక్క వేసి, వచ్చిన అంకె డబ్బాపై ముద్రించిన హద్దులలో ఉన్నదో లేదో చూడవచ్చును. రక్తహీనత గలవారికి ఈ మీటర్లు ఉన్నదానికంటె ఎక్కువ చూపుతాయి. వారికి వేరొక మీటరు కొన్నంత మాత్రాన తేడా తీరకపోవచ్చును.

మీటరును ల్యాబుతో పోల్చదలచినవారు పరగడుపున, ల్యాబులో రక్తం తీసిన అయిదు నిమిషాలలోపే, అక్కడే వ్రేలితో చూసుకోవాలి. ఇంటికి వచ్చి కాఫీ త్రాగి చూసుకొంటే అది పోలిక కాదు. భోజనానంతరం వ్రేలి రక్తంలో చక్కెర నరపు రక్తంలో కంటె సహజంగానే ఎక్కువగా ఉంటుంది. తీసిన రక్తాన్ని సరియైన ట్యూబులో ఉంచక గంటల తరబడి నిలిపితే అందులోని కణాలు చక్కెరను వాడుకొని ల్యాబు అంకె తగ్గిపోవడమూ కద్దు. ఇంటి మీటరులో పరగడుపున 126 చూసి తమకు మధుమేహం వచ్చినదని నిశ్చయించుకొన్నవారికి కూడ ఒక మాట. ఆ అంకె వెనుక 110 ఉండవచ్చును, 148 ఉండవచ్చును. వ్యాధి నిర్ధారణకు ల్యాబు పరీక్షయే ఆధారం.

వైద్యశాలకు గ్లూకోమీటర్లు సమర్పించదలచిన దాతలకు మనవి: పెట్టెపై ఐ.ఎస్.ఓ. 15197:2013 అని ఉన్నదో లేదో చూడండి. మీటరుకంటె స్ట్రిప్‌ల గడువు ముఖ్యం. ఒకేసారి వేయి స్ట్రిప్‌లు పంపడంకంటె, మూడు నెలలకొకసారి గడువు దూరంగా ఉన్నవి కొద్దికొద్దిగా పంపితే ఒక్కటీ వృథా కాదు.