బిల్లు అమ్మేశాక బాకీ ఎవరిది?

బాలానగర్‌లో లేత్ మిషన్లు నడిపే ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. ఒక పెద్ద పంపుల కంపెనీకి 10 లక్షల రూపాయల విడిభాగాలు పంపింది. నమోదైన చిన్న పరిశ్రమకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. అయినా ఆ కంపెనీ 90 రోజులకు గానీ ఇవ్వదు. రేపు మళ్లీ ఆర్డరు ఇవ్వాల్సింది వాళ్లే కాబట్టి యజమాని నోరెత్తడు. ఈలోగా జీతాలు, కరెంటు చార్జీలు ఆగవు. చేతిలో ఉన్నదల్లా ఆ ఇన్వాయిస్ ఒక్కటే.

దాని మీద డబ్బు తెచ్చుకోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఇన్వాయిస్ డిస్కౌంటింగ్‌లో సాధారణంగా బిల్లును చూపించి అప్పు తీసుకుంటారు. వసూలు బాధ్యత యూనిట్‌దే. చాలా సందర్భాల్లో ఈ సంగతి కొన్నవాళ్లకు తెలియనే తెలియదు. డబ్బు రాకపోయినా యూనిట్ తన జేబులోంచి అప్పు తీర్చాల్సిందే. ఫ్యాక్టరింగ్‌లో బాకీనే అమ్మేస్తారు. కొన్న సంస్థను ఫ్యాక్టర్ అంటారు. 2011 ఫ్యాక్టరింగ్ నియంత్రణ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం కుదరగానే ఆ బాకీని వసూలు చేసుకునే హక్కు ఫ్యాక్టర్‌కు వెళ్లిపోతుంది.

మన యూనిట్ ఫ్యాక్టర్ దగ్గరికి వెళ్లిందనుకోండి. ముందుగా 80 శాతం, అంటే 8 లక్షలు చేతికొస్తాయి. ఏడాదికి 12 శాతం లెక్కన 90 రోజుల వడ్డీ సుమారు 23,700, సర్వీసు చార్జీ 10,000 అనుకుందాం. కంపెనీ మొత్తం కడితే ఇవి మినహాయించుకుని మిగిలిన 1,66,300 ఫ్యాక్టర్ తిరిగి ఇస్తాడు.

ఇక్కడ అన్నిటికంటే కీలకమైనది నోటీసు. బాకీ చేతులు మారిందని పంపుల కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. నోటీసు అందేదాకా కంపెనీ యూనిట్‌కే కట్టినా దాని బాధ్యత తీరిపోతుంది. అయితే ఆ డబ్బు యూనిట్‌ది కాదు. ఫ్యాక్టర్ తరఫున ట్రస్టుగా పట్టుకున్నట్టే లెక్క, వెంటనే అప్పగించాలి. దాన్ని జీతాలకు వాడేసుకుంటే యజమాని పెద్ద చిక్కులో పడతాడు. నోటీసు అందాక మాత్రం కంపెనీ ఫ్యాక్టర్‌కే కట్టాలి. పాత అలవాటు ప్రకారం యూనిట్ ఖాతాలో వేస్తే రెండోసారి కట్టాల్సిన పరిస్థితి రావచ్చు. అందుకే కంపెనీ అకౌంట్స్ విభాగం ఆ నోటీసును ఫైల్లో పెట్టి ఊరుకోకుండా చెల్లింపు ఖాతా నంబరు మార్చుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. చాలామంది యజమానులు సంతకం పెట్టేటప్పుడు దీన్ని గమనించరు. ‘రికోర్స్ లేని’ ఒప్పందమంటే ఇక తమ మీదికి ఏదీ రాదనుకుంటారు. సాధారణంగా ఆ రక్షణ కొన్న కంపెనీ దివాలా తీసినప్పుడో, కట్టే స్తోమత లేనప్పుడో పనికొస్తుంది. సరుకు బాగాలేదన్న పేచీకి వర్తించదు. కంపెనీ 3 లక్షల విలువైన భాగాలు కొలతకు రాలేదని తిప్పి పంపి, డెబిట్ నోట్ వేసిందనుకోండి. యూనిట్‌కు చెప్పగల అభ్యంతరాన్నే అది ఫ్యాక్టర్‌కూ చెప్పొచ్చు. ఎందుకంటే యూనిట్‌కు ఎంత హక్కుందో ఫ్యాక్టర్‌కు అంతే దక్కుతుంది. అప్పుడు వచ్చేది 7 లక్షలు. ఫ్యాక్టర్‌కు రావలసింది 8,33,700. ఆ తేడా 1,33,700 కోసం అతను యూనిట్ తలుపే తడతాడు.

ఈ పేచీకి ముందే కళ్లెం వేసే ఏర్పాటు ట్రెడ్స్. రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచే ఈ ఆన్‌లైన్ వేదికలు 2017లో పని మొదలుపెట్టాయి. ఇందులో ఇన్వాయిస్‌ను కొన్న కంపెనీ మొదట ఒప్పుకోవాలి. ఆ తర్వాతే బ్యాంకులు, ఫ్యాక్టర్లు పోటీపడి రేటు చెబుతారు. గడువు రోజున సొమ్ము కంపెనీ ఖాతా నుంచే వెళ్తుంది. అది కట్టకపోయినా డబ్బు ఇచ్చినవాళ్లు యూనిట్‌ను అడగడానికి వీల్లేదు. చిన్న పరిశ్రమకు ఇంతకంటే గట్టి అండ మరొకటి నాకు కనిపించలేదు.

టర్నోవర్ 250 కోట్లు దాటిన కంపెనీలు ట్రెడ్స్‌లో నమోదు కావాలన్న నిబంధన ఉంది. కానీ నమోదు కావడం వేరు, వచ్చిన ఇన్వాయిస్‌ను ఒప్పుకోవడం వేరు. ఒప్పుకోకుండా నానబెడితే ఈ దారి అక్కడే ఆగిపోతుంది. కాబట్టి కొనుగోలు ఆర్డరు మాట్లాడుకునేటప్పుడే, సరుకు తనిఖీ ఎన్ని రోజుల్లో ముగించాలో, ఇన్వాయిస్‌ను ట్రెడ్స్‌లో ఎప్పటిలోగా ఆమోదించాలో రాయించుకోవాలి.

దారి ఏదైనా, వెళ్లేముందు యజమాని తన సొంత బ్యాంకు కాగితాలు తిరగేయాలి. క్యాష్ క్రెడిట్ కోసం రావలసిన బాకీలన్నీ అప్పటికే బ్యాంకుకు తాకట్టులో ఉండొచ్చు. అలా ఉంటే ఫ్యాక్టర్ ఇచ్చే సొమ్ము ముందు ఆ బ్యాంకుకే చెల్లించాలని చట్టం అంటోంది. యూనిట్ చేతికి నేరుగా రావాలంటే బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న లేఖ తెచ్చుకోవాలి.