ఉద్యోగం మారిన ఏడాది పన్ను లెక్క

జీతం మీద టీడీఎస్ కోసే యజమాని ముందుగా ఉద్యోగి ఏడాది మొత్తం ఆదాయాన్ని అంచనా వేస్తాడు. దానిపై పడే పన్నును నెలలకు పంచి ప్రతి జీతంలో కొంత మినహాయిస్తాడు. ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే ఈ అంచనా దెబ్బతింటుంది. పాత కంపెనీ ఎంత ఇచ్చిందో ఎవరైనా చెబితే తప్ప కొత్త కంపెనీకి తెలియదు. దాంతో పన్ను లేని తొలి శ్లాబు, స్టాండర్డ్ డిడక్షన్, రిబేటు అన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కలోకి వస్తాయి. చట్టం ఇవన్నీ ఏడాదికి ఒక్కసారే ఇస్తుంది.

2025-26లో కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఒక ఉద్యోగి లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు 1,20,000 రూపాయలు, అక్టోబరు నుంచి మార్చి దాకా కొత్త చోట నెలకు 1,50,000 రూపాయల జీతం అనుకుందాం. పాత కంపెనీ ఏడాదికి 14,40,000 అని అంచనా వేసి నెలకు 7,345 చొప్పున ఆరు నెలల్లో 44,070 రూపాయలు కోసింది. కొత్త కంపెనీకి కనిపించేది తన 9,00,000 మాత్రమే. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే మిగిలే 8,25,000 రిబేటు పరిమితి అయిన 12 లక్షల లోపే ఉంది కాబట్టి అది ఒక్క రూపాయి కూడా కోయదు. చేతికొచ్చే జీతం పెరిగిందని ఉద్యోగి సంతోషిస్తాడు.

అసలు లెక్క వేరు. మొత్తం ఆదాయం 16,20,000. స్టాండర్డ్ డిడక్షన్ ఒకసారి తీసేస్తే 15,45,000. సెస్సుతో కలిపి దీనిపై పన్ను 1,16,220 రూపాయలు. కోసిన 44,070 పోగా ఇంకా 72,150 బాకీ ఉంటుంది. అది రిటర్ను వేసేటప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది.

దీన్ని ముందే సరిచేసే కాగితం ఫారం 12బి. పాత యజమాని పేరు, పాన్, టాన్, పనిచేసిన కాలం, ఇచ్చిన జీతం, పీఎఫ్, కోసిన టీడీఎస్ వంటి వివరాలను ఉద్యోగి ఇందులో రాసి కొత్త కంపెనీకి ఇస్తాడు. ఇవ్వాలా వద్దా అన్నది ఉద్యోగి ఇష్టం. ఇచ్చాక మాత్రం ఆ మొత్తాన్ని కలుపుకుని పన్ను కోయడం కంపెనీ బాధ్యత. పై ఉదాహరణలో అక్టోబరులోనే ఫారం అందితే 72,150 రూపాయలు ఆరు భాగాలై నెలకు 12,025 చొప్పున కోతపడి బాకీ తీరిపోతుంది.

ఫారం 16 వచ్చాక చూద్దామనుకుంటే ఆలస్యమవుతుంది. అది ఆర్థిక సంవత్సరం ముగిశాక జూన్‌లో గానీ చేతికి రాదు. కాబట్టి జీతం స్లిప్పులు, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటు పత్రం ఆధారంగానే 12బి నింపాలి. ఈ సెటిల్‌మెంటే చాలామందిని తికమక పెడుతుంది. మిగిలిన సెలవులకు ఇచ్చే డబ్బు, బోనసు కొత్త ఉద్యోగంలో చేరాక జమ కావచ్చు. అప్పటికే ఫారం ఇచ్చి ఉంటే అంకెలు మారినట్లు పేరోల్ విభాగానికి మళ్లీ చెప్పాలి. కోసిన పన్ను నిజంగా జమైందో లేదో ఫారం 26ఏఎస్‌లో సరిచూసుకోవచ్చు.

ఫారం ఇచ్చినంత మాత్రాన పని అయినట్లు కాదు. కొత్త కంపెనీ పేరోల్ పోర్టల్‌లో ఏడాది పన్ను అంచనా చూపే పత్రం ఉంటుంది. అందులో పాత యజమాని జీతం, పాత టీడీఎస్ రెండూ ఉండాలి. జీతం చేర్చి టీడీఎస్ మరిస్తే కోత మరీ ఎక్కువవుతుంది. రెండూ సున్నాగా ఉంటే ఫారం ఎక్కడో ఆగిపోయిందన్నమాట. ఇది జనవరి దాటకుండా చూసుకోవడం మేలు, ఎందుకంటే మిగిలిన పన్నంతా చివరి రెండు మూడు జీతాల మీద పడితే ఇల్లు గడవడం కష్టం.

ఫారం ఇవ్వలేకపోయినవారు, ఇవ్వడం ఇష్టం లేనివారు తక్కువపడిన మొత్తాన్ని తామే కట్టాలి. బాకీ 10,000 దాటితే అది అడ్వాన్స్ టాక్స్ కిందికి వస్తుంది. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోని e-Pay Tax ద్వారా మార్చి 15 లోగా కట్టేస్తే, మునుపటి వాయిదాలు దాటినందుకు పడే కొద్దిపాటి వడ్డీ తప్ప పెద్ద భారం ఉండదు. మార్చి 31 దాటితే మాత్రం ఏప్రిల్ నుంచి నెలకు ఒక శాతం వడ్డీ మొదలవుతుంది. 72,150 బాకీని జూలైలో కడితే ఈ ఒక్క వడ్డీయే దాదాపు 2,900 రూపాయలు. వాయిదాల వడ్డీ దానికి అదనం.

పన్ను ఏ దారిలో కట్టినా రిటర్నులో ఇద్దరు యజమానుల జీతమూ చూపాలి. కొత్త కంపెనీ ఇచ్చిన ఫారం 16లో పాత జీతం ఇప్పటికే కలిసి ఉంటే, పాత ఫారం 16లోని మొత్తాన్ని మళ్లీ కలపకూడదు. ఆ సంగతి ఫారం 16 రెండో భాగంలో, ఇతర యజమానుల నుంచి వచ్చిన జీతం అన్న వరుసలో తెలుస్తుంది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో ఫారాల నంబర్లు మారాయి కాబట్టి, ఆ తర్వాత ఉద్యోగం మారేవారు 12బికి బదులుగా వచ్చిన ఫారం ఏదో పేరోల్ విభాగాన్ని అడిగి నింపాలి.