తెల్లగోడ తెల్లగా ఉండకూడదు

ఆర్ట్ గ్యాలరీ లోపలి బొమ్మ ఒకటి చూస్తారు. తెల్లని గోడలు, పైన పట్టాలకు బిగించిన చిన్న చిన్న దీపాలు, ఒక్కో చిత్రపటం మీద వాలిన వెలుగు, నున్నగా పాలిష్ పట్టిన కాంక్రీటు నేల. ఫొటో అనుకుంటారు. కానీ ఆ గది ఇంకా కట్టనే లేదు. కంప్యూటర్లో గదిని నిర్మించి, దీపాలు పెట్టి, లేని కెమెరాతో తీసిన రెండర్ అది. మ్యూజియం కట్టే ఆర్కిటెక్టులు నిర్మాణం మొదలుకాకముందే ఇలాంటివి గీయించుకుంటారు. ఏ గోడకు ఏ పటం పెట్టాలో ముందే చూసుకోవడానికి ప్రదర్శన ఏర్పాటు చేసేవాళ్లూ గీయించుకుంటారు.

ఖాళీ గది కదా, తేలికే అనిపిస్తుంది. నిజానికి ఇది చాలా కష్టమైన పనుల్లో ఒకటి. సోఫాలు, కర్టెన్లు, మొక్కలు ఉన్న డ్రాయింగ్ రూములో తప్పులు దాక్కోవడానికి బోలెడంత చోటు ఉంటుంది. ఇక్కడ ఉన్నది గోడ, నేల, వెలుగు. ఏది తప్పినా ఎదురుగా కనిపిస్తుంది.

ఒక గదినే తీసుకుందాం. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. దీపాల పట్టా నేల నుంచి 4 మీటర్ల ఎత్తున ఉంది. ఉచితంగా దొరికే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నామనుకోండి. కొత్తవాళ్లు మొదటి తప్పు గోడ రంగు దగ్గరే చేస్తారు. తెల్లగోడ కదా అని రంగును పూర్తి తెలుపుకు, అంటే 1.0కి పెట్టేస్తారు. అలా పెడితే పడిన వెలుగునంతా వెనక్కి పంపే గోడ అవుతుంది. అలాంటి గోడ లోకంలో లేదు. మంచి తెల్ల పెయింటు కూడా నూటికి 90 పాళ్లకు మించి తిప్పికొట్టడం అరుదు.

ఆ కాస్త తేడాకు ఏమవుతుందిలే అనుకోకండి. గదిలో వెలుగు ఒక గోడను తాకి ఆగిపోదు, గోడ నుంచి గోడకు తిరుగుతూనే ఉంటుంది. 0.8 పెట్టిన గదిలో పది గోడలు తాకేసరికి 100 పాళ్ల వెలుగు 11 పాళ్లకు దిగుతుంది. అదే 0.95 పెడితే ఇంకా 60 పాళ్లు మిగిలే ఉంటుంది. ఆ మిగిలిన వెలుగు మూలల్లోకి, ఫ్రేముల కిందికి, అన్ని చోట్లకూ పాకి నీడలను మింగేస్తుంది. గది పాలలో ముంచి తీసినట్టు తయారవుతుంది. మూలలో రెండు గోడలు కలిసే గీత కనిపించకపోతే రోగం ఇదేనని తెలుసుకోవచ్చు. చాలామంది అప్పుడు దీపాలు తగ్గిస్తారు. దానివల్ల గది బూడిదరంగుకు మారుతుందే తప్ప నీడలు తిరిగి రావు. మార్చాల్సింది గోడ రంగును.

ఇక దీపాలు. మ్యూజియాల్లో లైటింగ్ చేసేవాళ్లకు పాత లెక్క ఒకటుంది: వెలుగు నిలువు గీతకు 30 డిగ్రీల వాలులో పటం నడిమధ్యకు చేరాలి. పటం మధ్యభాగం కంటి ఎత్తున, సుమారు 1.5 మీటర్ల దగ్గర ఉంటుంది. పట్టా 4 మీటర్ల మీద ఉంది కాబట్టి తేడా 2.5 మీటర్లు. దాన్ని 0.577తో గుణిస్తే సుమారు 1.45 వస్తుంది. పట్టా గోడకు అంత దూరంలో, అంటే దాదాపు మీటరున్నర ఎడంగా ఉండాలి. ఇంకా దగ్గరికి జరిపితే ఫ్రేము పైఅంచు నీడ పొడుగ్గా పటం మీదికి దిగుతుంది. బాగా దూరం జరిపితే, చూడటానికి వచ్చిన మనిషి నీడే పటం మీద పడుతుంది, అద్దం ఉంటే అందులో దీపం మెరుస్తుంది.

దీపం నుంచి పటానికి దూరం 2.9 మీటర్ల దాకా వస్తుంది. 24 డిగ్రీల వెడల్పున్న కిరణం అక్కడికి చేరేసరికి మీటరుంపావు వెడల్పు అవుతుంది. మీటరు వెడల్పు పటానికి అది సరిగ్గా సరిపోతుంది. తైలవర్ణ చిత్రానికి 200 లక్స్ వెలుగు దాకా ఇస్తారు. కాగితం మీద వేసిన నీటిరంగుల బొమ్మకు, పాత బట్టకు 50 లక్స్ చాలంటారు. ఎక్కువైతే రంగులు వెలిసిపోతాయి. రెండర్లో ఏ రంగూ వెలవదు గానీ, నీటిరంగుల బొమ్మను తైలవర్ణ చిత్రమంత ధగధగా వెలిగిస్తే మ్యూజియం మనిషి కంటికి అబద్ధం అక్కడే దొరికిపోతుంది.

పటం మీది వెలుగు చుట్టూ ఉన్న గోడకన్నా దాదాపు మూడు రెట్లు ఉంటే చూపు దానంతట అదే అటు వెళుతుంది. అంటే పటం పక్కన తెల్లగోడ బొమ్మలో లేత బూడిదరంగులోనే కనిపించాలి. దాన్నే మన కన్ను తెలుపుగా చదువుకుంటుంది. ఆ ప్రశాంతత అంతా ఈ తేడాలోనే ఉంది. గది నిండా సమానంగా వెలుగు నింపిన రెండర్ ఎంత శుభ్రంగా ఉన్నా షోరూములాగే ఉంటుంది.

దీపాల కంపెనీలు తమ దీపం ఏ దిక్కుకు ఎంత వెలుగు పంపుతుందో కొలిచి .ies ఫైళ్లుగా ఇస్తాయి. బ్లెండర్లో IES Texture అనే నోడ్ ద్వారా దాన్ని దీపానికి తగిలిస్తే, గోడ మీద పడే వెలుగు అంచు కంపాస్‌తో గీసిన గుండ్రంలా కాకుండా అసలు దీపానికి ఉన్నట్టే మెల్లగా సన్నగిల్లుతుంది.

నేల దగ్గర తప్పు ఇంకో రకం. పాలిష్ కాంక్రీటు అనగానే అద్దంలా మెరిపిస్తారు. పాలిష్ పట్టిన నేల ఎంత మెరుస్తుందన్నది ఎక్కణ్నుంచి చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. కెమెరా 1.5 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. అడుగు దగ్గర, మీటరున్నర దూరంలో ఉన్న నేల నూటికి 5 పాళ్లే ప్రతిబింబిస్తుంది. ఎనిమిదిన్నర మీటర్ల అవతల చూపు ఏటవాలుగా తగులుతుంది కాబట్టి అదే నేల 40 పాళ్ల దాకా ప్రతిబింబిస్తుంది. అందుకే దూరపు గోడ నేలలో తేలుతూ కనిపిస్తుంది, కాళ్ల దగ్గర మాత్రం సిమెంటు మచ్చలూ కంకర గింజలూ కనబడతాయి. ఈ లెక్క సాఫ్ట్‌వేర్ తనంతట తానే వేస్తుంది. మనం చెడగొట్టకుండా ఉంటే చాలు. Roughness విలువను సున్నాకు దించకుండా 0.2, 0.35 మధ్య ఉంచి, చోటుచోటుకూ కొంచెం మారేలా చూడాలి. జనం నడిచే దారి, తుడుపుగుడ్డ చారలు, పగుళ్లు రాకుండా కోసిన సన్నని గీతలు ఉండాలి. ఒకే మచ్చ మూడుచోట్ల కనిపిస్తే ఎంత కష్టపడ్డా వృథా.

రంగు కూడా నేల మీదికి దిగుతుంది. తోట వైకుంఠం గారి బొమ్మల్లో ఉండే కుంకుమ ఎరుపు లాంటిది గోడ మీద పెద్దగా ఉంటే, దాని కింది నేల మీద ఆ ఛాయ లీలగా కనిపించాలి. వెలుగు వస్తువు నుంచి వస్తువుకు రంగును మోస్తుందన్న సంగతిని కంప్యూటర్ బొమ్మల్లో లెక్కగట్టి చూపింది 1984లో అమెరికా కార్నెల్ విశ్వవిద్యాలయంవాళ్లు. రెండేళ్లకు జేమ్స్ కజియా దాన్నంతటినీ ఒకే సమీకరణంలోకి తెచ్చాడు. నేటి రెండర్ సాఫ్ట్‌వేర్లు దాని మీదే నడుస్తున్నాయి.

చివరగా కెమెరా. గ్యాలరీలో 200 లక్స్ వెలుగుకు ఎఫ్8 దగ్గర, ఐఎస్ఓ 100తో అసలు ఫొటో తీయాలంటే షట్టర్ సుమారు ముప్పావు సెకను తెరిచి ఉంచాలి. అంతసేపట్లో నడిచే మనిషి చెదిరిపోతాడు. రెండర్లో నడుస్తున్న సందర్శకుడిని ఆణిముత్యంలా స్పష్టంగా నిలబెడితే కత్తిరించి అతికించినట్టుంటాడు. కెమెరాను పైకెత్తకుండా Shift Y విలువతో చట్రాన్ని జరిపితే గోడల నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. రంగుల సర్దుబాటుకు Standard కాకుండా AgX ఎంచుకుంటే దీపం కిందున్న గోడ ఒక్కసారిగా తెల్లమచ్చగా పేలిపోదు.

ఇన్ని లెక్కలెందుకు, కంటికి బాగుంటే చాలదా అనేవాళ్లున్నారు. ప్రకటన బొమ్మకైతే చాలు. కట్టబోయే గదికి చాలదు. కొలతలతో చేసిన రెండర్ నుంచి పట్టా గోడకు 1.45 మీటర్ల దూరంలో వేయమని, 24 డిగ్రీల దీపం బిగించమని ఎలక్ట్రీషియన్‌కు నేరుగా చెప్పవచ్చు. గాల్లో ఎక్కడో కనబడని దీపాలు దాచి అందంగా చేసిన రెండర్‌ను చూసి గది కడితే, పటాలు వేలాడదీసే రోజున ఆ వెలుగు ఎక్కడినుంచి తేవాలో ఎవరికీ తెలియదు.