మీకు తెలుసా? విమానం తోక పట్టి ఆపే చుక్కాని

1959 అక్టోబరు 19న వాషింగ్టన్ రాష్ట్రంలో బ్రానిఫ్ సంస్థకు అప్పగించాల్సిన బోయింగ్ 707లో శిక్షణ సాగుతోంది. డచ్ రోల్ అనే ఊగిసలాటను కావాలనే పుట్టించి, దాన్ని ఎలా ఆపాలో నేర్పుతున్నారు. అనుమతించిన పరిమితిని దాటి విమానం పక్కకు ఒరిగింది. ఆ విసురుకు నాలుగు ఇంజిన్లలో మూడు ఊడిపోయాయి. విమానం నది ఒడ్డున కూలింది. ఎనిమిది మందిలో నలుగురు చనిపోయారు.

ఈ ఊగిసలాట ఎలా పుడుతుంది? రెక్కలు వెనక్కి వాలి ఉన్న విమానం ముక్కు ఎడమకు తిరిగితే, ముందుకు వచ్చిన కుడి రెక్క గాలికి మరింత ఎదురుగా నిలుస్తుంది. దాని లిఫ్ట్ పెరిగి విమానం ఎడమకు ఒరుగుతుంది. అదే రెక్క మీద గాలి నిరోధమూ పెరిగి, తోక ఒత్తిడితో కలిసి ముక్కును కుడికి లాగుతుంది. అది మధ్యలో ఆగక కుడికి దాటిపోతుంది. ఇక అంతా తిరగబడి మొదలు. పైలట్ ఆలస్యంగా సరిదిద్దితే ఊపు తగ్గకపోగా పెరుగుతుంది.

అందుకే యా డ్యాంపర్. ముక్కు తిరిగే వేగాన్ని గైరో పసిగట్టగానే ఇది చుక్కానిని కొద్దిగా ఎదురు దిశకు కదుపుతుంది. పైలట్ కావాలని తీసుకునే నిలకడైన మలుపును మాత్రం వడపోసి వదిలేస్తుంది. లేకపోతే ప్రతి మలుపులోనూ పైలట్‌తో పోట్లాడేదే!