మేడకు పన్నా? మట్టికి పన్నా?

అమెరికాలోని పిట్స్‌బర్గ్ పేరు చెబితే తెలుగువాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది 1970లలో పెన్ హిల్స్ గుట్ట మీద వెలసిన వేంకటేశ్వరస్వామి గుడి. ఆర్థికవేత్తలకు ఆ ఊరు వేరే కారణంతో గుర్తుంటుంది. గుడి ఉన్న పెన్ హిల్స్ శివారు ప్రాంతం. దాన్ని దాటి నగరం హద్దులోకి వెళితే, దాదాపు 90 ఏళ్ళపాటు అక్కడి ఇంటి పన్ను రసీదులో రెండు రేట్లు ఉండేవి. ఒకటి స్థలానికి, ఒకటి దానిమీది కట్టడానికి. స్థలం రేటు ఎక్కువ, కట్టడం రేటు తక్కువ.

ఇది యాదృచ్ఛికంగా వచ్చింది కాదు. హెన్రీ జార్జ్ అనే అమెరికన్ పాత్రికేయుడు 1879లో ఒక పుస్తకం రాసి, పన్ను వేయదలిస్తే భూమి విలువ మీద వేయండి, మనిషి కష్టపడి కట్టినదాన్ని వదిలేయండి అని వాదించాడు. ఆ ప్రభావంతో పెన్సిల్వేనియా రాష్ట్రం 1913లో చట్టం చేసింది. పిట్స్‌బర్గ్‌లో కట్టడాల రేటును మూడేళ్ళకోసారి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చి, 1925 నాటికి స్థలం రేటులో సరిగ్గా సగానికి తెచ్చారు.

సగం రేటుతో ఏమవుతుందో చూసేముందు, అసలు ఈ రెండు పన్నులకూ తేడా ఏమిటో ఒక వీధిలో నిలబడి చూద్దాం.

పక్కపక్కనే రెండు స్థలాలు ఉన్నాయనుకోండి. రెండూ ఒకే కొలత, ఒక్కొక్కటి 30 లక్షల విలువ. మొదటి దానిలో 90 లక్షలు పెట్టి ఒకాయన మూడంతస్తుల ఇల్లు కట్టి అద్దెకిచ్చాడు. రెండోది ఖాళీ. యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు, ధర పెరిగాక అమ్ముదామని చూస్తున్నాడు. మునిసిపాలిటీకి ఈ రెంటి నుంచి ఏడాదికి లక్షా యాభై వేలు రావాలి. స్థలం, కట్టడం అని తేడా లేకుండా ఒక శాతం వేస్తే ఇల్లు కట్టినాయన లక్షా ఇరవై వేలు, ఖాళీగా ఉంచినాయన ముప్ఫై వేలు కడతారు. అదే మొత్తాన్ని స్థలం విలువ మీద మాత్రమే వసూలు చేయాలంటే రేటు రెండున్నర శాతం అవుతుంది, ఇద్దరూ చెరి డెబ్బై అయిదు వేలు కడతారు.

ఎవరు ఎక్కువ కట్టారన్నది న్యాయం ప్రశ్న. దానిమీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఆర్థికవేత్తలు అడిగేది వేరే ప్రశ్న: ఇల్లుగలాయన ఇప్పుడు నాలుగో అంతస్తు వేయాలా వద్దా అని ఆలోచిస్తుంటే పన్ను ఆయన చేతిని ఎటు లాగుతుంది?

ఆ అంతస్తుకు 30 లక్షలు ఖర్చవుతుంది. తెచ్చిన అప్పుకు వడ్డీ, నిర్వహణ పోగా గిట్టాలంటే ఏడాదికి కనీసం 2 లక్షల 40 వేలు అద్దె రావాలి. వచ్చేది 2 లక్షల 55 వేలు. అంటే పదిహేను వేలు మిగులు, కాబట్టి కట్టడం లాభమే. కానీ కట్టడాల మీద ఒక శాతం పన్ను ఉంటే కొత్త అంతస్తుకు ఏటా ముప్ఫై వేలు అదనంగా పడుతుంది. మిగులు కాస్తా పదిహేను వేల నష్టంగా మారుతుంది. ఆయన ఊరుకుంటాడు. ఇక్కడ గమనించాల్సింది, ఆ అంతస్తు మీద మునిసిపాలిటీకి ఒక్క రూపాయి కూడా రాలేదు. అయినా అద్దెకు రావలసిన కుటుంబానికి ఇల్లు లేదు, మేస్త్రికి పని లేదు. ఎవరి జేబులోకీ చేరకుండానే ఆవిరైపోయిన ఈ నష్టాన్నే ఆర్థికవేత్తలు పన్ను తెచ్చే వక్రత అంటారు. స్థలం పన్నయితే నాలుగో అంతస్తు కట్టినా, కట్టకపోయినా అదే డెబ్బై అయిదు వేలు. పన్ను ఆయన లెక్కలోకే రాదు.

ఇంగ్లండులో ఈ వక్రత గోడల మీదే కనిపించింది. అక్కడ 1696 నుంచి 1851 దాకా కిటికీల లెక్కన పన్ను వేశారు. జనం కిటికీలకు ఇటుకలు పేర్చి మూసేశారు. అలా మూసిన కిటికీలున్న పాత ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఖజానాకు ఆ కిటికీ మీద డబ్బు రాలేదు, ఇంట్లోవాళ్ళకు వెలుతురూ రాలేదు. కిటికీని మూసేయవచ్చు, అంతస్తును మానుకోవచ్చు, ఫ్యాక్టరీని పక్క ఊరికి తరలించవచ్చు. స్థలాన్ని మాత్రం మడిచి జేబులో పెట్టుకోలేరు, దాచలేరు. పన్ను పెరిగిందని భూమి ఒక్క గజం తగ్గదు, పన్ను తగ్గిందని ఒక్క గజం పెరగదు. వాదమంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది. ప్రభుత్వ పన్నులంటే పెద్దగా గిట్టని మిల్టన్ ఫ్రీడ్‌మన్ సైతం పన్నుల్లో అన్నిటికంటే తక్కువ చెడ్డది ఇదేనన్నాడంటే కారణం అదే.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం ఒకటుంది. స్థలం మీద పన్ను వేస్తే యజమాని దాన్ని అద్దెకున్నవాళ్ళ నెత్తిన రుద్దడా? రుద్దగలిగితే పన్ను లేనప్పుడే రుద్దేవాడు. ఆ చోట ఎంత అద్దె పలుకుతుందో అంతా ఆయన ఇప్పటికే అడుగుతున్నాడు. పన్ను పడినందుకు అక్కడికి కొత్త కిరాయిదార్లు వరుస కట్టరు, ఖాళీ స్థలాలు మాయమూ కావు. కట్టడం పన్ను సంగతి అలా కాదు. అది కొత్త ఇళ్ళ సంఖ్యను తగ్గిస్తుంది కాబట్టి కొన్నేళ్ళకు అద్దెల్లోకి పాకుతుంది.

మరి స్థలం పన్ను భారం ఎక్కడ దిగుతుంది? ధరలో. ఏడాదికి 60 వేలు రాబడినిచ్చే స్థలాన్ని ఆరు శాతం లెక్కన చూస్తే పది లక్షలకు కొనవచ్చు. ఏటా 20 వేలు పన్ను పడితే మిగిలేది 40 వేలు. కొనేవాడు ఇప్పుడు ఆరు లక్షల అరవై ఏడు వేలకు మించి ఇవ్వడు. రేపు కొనేవాడికి ధరలో తగ్గిందే పన్నుగా పోతుంది, కాబట్టి అతనికి నష్టం లేదు. పన్ను ప్రకటించిన రోజు ఆ స్థలం ఎవరి చేతిలో ఉందో, దెబ్బంతా వాళ్ళ మీదే. ఆర్థికశాస్త్రం మెచ్చుకునే గుణమూ ఇదే, ఎన్నికల్లో ఈ పన్నును ముంచే గుణమూ ఇదే. ఊరి మధ్యలో తాతల నాటి పెంకుటిల్లు, నెలకు కాస్త పింఛను తప్ప ఏమీ లేని పెద్దావిడ కూడా స్థలం లెక్కలో సంపన్నురాలే అవుతుంది. అందుకని కొన్ని దేశాలు అలాంటి వారి పన్నును ఇల్లు అమ్మేదాకా వాయిదా వేస్తాయి.

మళ్ళీ పిట్స్‌బర్గ్‌కు వద్దాం. 1979, 1980లలో నగరానికి డబ్బు కావలసి వచ్చింది. పాలకులు పెంపు భారాన్ని స్థలం రేటు మీదికే నెట్టారు. దాంతో అది కట్టడాల రేటుకు అయిదు రెట్లు దాటింది. తర్వాతి కాలంలో లెక్క ఇలా ఉండేది: పన్ను కోసం నమోదైన విలువలో వెయ్యి డాలర్లకు స్థలం మీద 184.5, కట్టడం మీద 32 డాలర్లు. నమోదు విలువ బజారు ధరలో పావు వంతే కాబట్టి అసలు భారం అంత భయంకరం కాదు. పైగా ఆ ప్రాంతపు కౌంటీ, స్కూలు బోర్డు వేరుగా వేసే పన్నులకు ఈ తేడా లేదు.

వాలస్ ఓట్స్, రాబర్ట్ ష్వాబ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1997లో ఈ అనుభవాన్ని పరిశీలించారు. చుట్టుపక్కల 15 నగరాల నిర్మాణ అనుమతుల విలువను తీసుకుని, 1980కి ముందు ఇరవై ఏళ్ళ సగటును 1980ల సగటుతో పోల్చారు. అది ఉక్కు మిల్లులు మూతబడుతున్న కాలం. దాదాపు అన్ని నగరాల్లోనూ నిర్మాణం పడిపోయింది. కొలంబస్‌లో కొంత పెరిగింది. పిట్స్‌బర్గ్‌లో మాత్రం సుమారు 70 శాతం పెరిగింది.

భూమి పన్ను అభిమానులు ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. ఆ ఇద్దరు మాత్రం ఆగలేదు. అప్పట్లో నగరం నడిబొడ్డున ఆఫీసులకు కొరత ఉందని, కొత్త కట్టడాలకు కొన్నేళ్ళ పన్ను మినహాయింపు కూడా ఇచ్చారని గుర్తుచేశారు. వాళ్ళు తేల్చింది ఇది: స్థలం పన్ను మేడలను మొలిపించలేదు. నగరానికి డబ్బు కావలసినప్పుడు, కట్టేవాళ్ళను అదిలించే వేరే పన్ను పెంచనక్కర లేకుండా చేసింది. ఈ తీర్పు వినడానికి చప్పగా ఉంటుంది. కానీ సిద్ధాంతం మాట ఇచ్చింది కూడా అంతే. అడ్డుపడని పన్ను అంటే తోసే పన్ను అని అర్థం కాదు.

అంత బాగుంటే పిట్స్‌బర్గ్ దాన్ని ఎందుకు వదిలేసింది? పన్ను రేటు వల్ల కాదు, విలువ కట్టడం వల్ల. స్థలాల విలువలను ఏళ్ళ తరబడి సరిగా సవరించలేదు. 2001లో కౌంటీ ఒక్కసారిగా అన్నిటికీ కొత్త విలువలు కట్టేసరికి కొన్ని పేటల్లో స్థలాల విలువ అమాంతం ఎగిరింది. ఎక్కువ రేటు పడేది స్థలం మీదే కాబట్టి బిల్లులు మండిపోయేలా కనిపించాయి. జనం గోల పెట్టారు. నగర పాలకులు రెండు రేట్లను ఎత్తేసి, అన్నిటికీ వెయ్యికి 10.8 అనే ఒకే రేటు పెట్టారు.

విలువ కట్టడం సరిగా ఉందో లేదో పసిగట్టే ఉపాయం ఒకటుంది. స్థలాల విలువను గజం లెక్కన ఊరి పటం మీద రాయండి. బజారు నుంచి శివారుకు వెళ్ళే కొద్దీ అది వాలుగా దిగాలి. పక్కపక్క స్థలాలకు, కొలతా రోడ్డూ ఒకటే అయినప్పుడు, గజం విలువ దాదాపు సమానంగా ఉండాలి. అలా కాకుండా కొత్త మేడ కింది నేల ఒక ధర, పక్కనున్న పాత ఇంటి కింది నేల ఇంకో ధర అయితే, అధికారి మొత్తం ధరను తోచినట్టు రెండు ముక్కలు చేశాడని అర్థం. అప్పుడది పేరుకే స్థలం పన్ను, నిజానికి మళ్ళీ మేడ మీది పన్నే.

మన రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకాల్లో ఈ విభజన ఇప్పటికే ఉంది. వీధివారీగా గజం విలువ ఒకచోట, కట్టడానికి చదరపుటడుగు లెక్క మరోచోట ఉంటాయి. బజారు ధర కంటే తక్కువ ఉండటం దాని లోపం. ఆంధ్రప్రదేశ్ 2021 నుంచి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తోంది. అందులో స్థలం, కట్టడం రెండూ కలుస్తాయి. ఖాళీ స్థలం పన్ను ఉంది కదా అనవచ్చు. కానీ అది ఖాళీగా ఉంచినందుకు పడేది, ఇల్లు కట్టగానే లెక్క మారిపోతుంది. హెన్రీ జార్జ్ అడిగింది కట్టినా కట్టకున్నా ఒకేలా ఉండే పన్ను.

అలాంటి పన్ను ఇప్పుడు జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్‌లో నడుస్తోంది. ఆ రాష్ట్రం 2020లో చట్టం చేసి, 2025 జనవరి 1 నుంచి కట్టడాన్ని లెక్కలోంచి తీసేసింది. స్థలం విస్తీర్ణాన్ని స్థానిక కమిటీలు ప్రకటించే నేల ధరతో గుణిస్తారు, నివాసాలకు 30 శాతం తగ్గింపు ఇస్తారు. పెద్ద పెరడులో చిన్న ఇల్లున్న యజమానులకు అక్కడా ఇది మింగుడుపడలేదు. చట్టం చెల్లదంటూ వేసిన రెండు దావాలను అక్కడి పన్నుల కోర్టు 2024 జూన్‌లో కొట్టేసింది.